కాశీ యాత్ర కరపత్రం: గుళ్ళ జాబితా కాదు, గంటలు చూడండి

‘కాశీ, గయ, ప్రయాగ, అయోధ్య. 7 రాత్రులు, 8 పగళ్ళు. ఒక్కరికి 18,500 మాత్రమే.’ ఖమ్మంలో ఉండే మా పిన్ని కొడుకు వాట్సాప్‌లో పంపిన కరపత్రం మీద పెద్ద అక్షరాలతో ఉన్న మాటలివి. వెళ్ళేది ఐదుగురు. బాబాయికి 71 ఏళ్ళు, పిన్నికి 66. మా తమ్ముడు, మరదలు, పదేళ్ళ పాప. కార్తీక మాసంలో ప్రయాణం. ‘సీట్లు అయిపోతున్నాయట అక్కా, ఇవాళే అడ్వాన్స్ కట్టేయమంటున్నారు’ అన్నాడు. ట్రావెల్స్ ఆఫీసులో చాలాకాలం పనిచేసినదాన్ని కాబట్టి ఇలాంటి కాగితాలు మా ఇళ్ళలో ఎవరికి వచ్చినా నా దగ్గరికే వస్తాయి.

కాగితం చదివే ముందు బాబాయిని ఒక్క మాట అడిగాను, ఈ యాత్రలో ఏది తప్పకుండా జరగాలని. ఆయన తడుముకోకుండా ‘గయలో మా అమ్మానాన్నలకు పిండం పెట్టాలి. మిగతావి కుదిరితే కుదురుతాయి, లేకపోతే లేదు’ అన్నారు. ఏ యాత్రకైనా ఈ మాట ముందు తేల్చుకోవాలి. ఆ ఒక్క పని ఏ రోజు, ఏ గంటకు పెట్టారో చూస్తే ప్యాకేజీ మనకు పనికొచ్చేదో కాదో సగం తెలిసిపోతుంది.

ముందు రాత్రుల లెక్క తీద్దాం. మొదటి రోజు పొద్దున సికింద్రాబాద్‌లో రైలెక్కుతారు. ఆ రాత్రి రైల్లోనే. రెండో రోజు మధ్యాహ్నం దిగి కాశీలో గదికి చేరి, సాయంత్రం గంగ హారతి. రెండు, మూడు, నాలుగు రాత్రులు కాశీలో, ఐదో రాత్రి అయోధ్యలో, ఆరో రాత్రి మళ్ళీ కాశీలో. ఏడో రోజు తిరుగు రైలు, ఆ రాత్రి బెర్తు మీద. ఎనిమిదో రోజుకు ఇల్లు. అంటే ఏడు రాత్రుల్లో గదిలో పడుకునేవి ఐదు. ఎనిమిది పగళ్ళలో తీర్థాల్లో పూర్తిగా గడిపేవి మూడో రోజు నుంచి ఆరో రోజు వరకు నాలుగే. అందులోనూ ఆరో రోజు సగం బస్సులో పోతుంది. ఇందులో మోసమేమీ లేదు, అందరూ ఇలాగే రాస్తారు. కానీ రెండు ప్యాకేజీల ధరలు పోల్చేటప్పుడు మొత్తం రాత్రులు కాకుండా గది రాత్రులు లెక్కపెట్టాలి. ఇదే 18,500కు ఇంకొకరు ‘6 రాత్రులు’ అని రాసి, వాళ్ళూ ఐదు రాత్రులు గది ఇస్తుంటే రెండూ ఒకటే.

ఆ ‘కాశీలో దిగడం’ అన్న మాటను కూడా విప్పి చూడాలి. మన వైపు నుంచి పాట్నా దిశగా వెళ్ళే రైళ్ళన్నీ వారణాసి జంక్షన్‌కు పోవు. దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌లో దిగాల్సి రావచ్చు. 2018 దాకా మొఘల్‌సరాయ్ అనేవాళ్ళే, అదే. అక్కడి నుంచి కాశీ పదిహేను కిలోమీటర్ల పైనే ఉంటుంది, గంగ దాటి రావాలి. స్టేషన్ నుంచి గది దాకా బండి ఎవరు పెడతారన్నది కాగితం మీద ఉండాలి. ఖమ్మం నుంచి సికింద్రాబాద్ చేరే ఖర్చు ఎలాగూ మనదే. రైలు కాజీపేటలో ఆగేదైతే ఎక్కే స్టేషన్‌గా కాజీపేట రాయించమన్నాను. ఇద్దరు పెద్దవాళ్ళకు అంత దూరం తగ్గుతుంది.

ఇక గయ. నాలుగో రోజు గడిలో ఇలా ఉంది: ‘ఉదయం టిఫిన్ తర్వాత గయ ప్రయాణం. విష్ణుపాదం, పిండప్రదానం, మంగళగౌరి శక్తిపీఠం, బుద్ధగయ దర్శనం. రాత్రికి కాశీ.’

చదవడానికి బాగానే ఉంది. గడియారం పక్కన పెట్టుకుని చదివితే కథ వేరే. కాశీ నుంచి గయకు దాదాపు 250 కిలోమీటర్లు. నలభై మంది బస్సు, దారిలో లారీలు, ఒకటి రెండు చోట్ల ఆపడం కలిపితే ఐదారు గంటలు. టిఫిన్ పెట్టి అందరినీ ఎక్కించేసరికి ఎనిమిది అవుతుంది. అంటే గయ చేరేది మధ్యాహ్నం రెండింటికి. అక్కడ శ్రాద్ధం ఒక్క చోట కూర్చుని లేచే పని కాదు. ఫల్గు నది దగ్గర, విష్ణుపాదం దగ్గర, అక్షయవటం దగ్గర మూడు చోట్లా పిండాలు పెడతారు. పురోహితుడు దొరకడం, సామగ్రి, గుంపులో మన వంతు, ఒకచోటి నుంచి ఇంకోచోటికి నడక, అన్నీ కలిపి మూడు నాలుగు గంటలు పడుతుంది. ముగిసేసరికి సాయంత్రం ఆరు. అప్పటిదాకా కర్త ఏమీ తినడు. కరపత్రంలో ‘ఉచితం’ అని రాసిన టిఫిన్ ఆ రోజు బాబాయికీ పిన్నికీ లేనట్టే. ఆరింటికి భోజనం చేసి, మంగళగౌరి మెట్లెక్కి, పన్నెండు పదిహేను కిలోమీటర్ల అవతల బుద్ధగయ చూసి బస్సెక్కితే కాశీ చేరేది తెల్లవారుజామున రెండో మూడో. కాగితం తిప్పి ఐదో రోజు చూడండి: ‘ఉదయం 6 గంటలకు ప్రయాగ బయలుదేరుట.’

డెబ్భై ఒక్క ఏళ్ళ మనిషి పగలంతా ఉపవాసం ఉండి, రాత్రంతా బస్సులో కూర్చుని, మూడు గంటలు నిద్రపోయి సంగమంలో స్నానానికి దిగాలన్నమాట. నిజానికి అక్కడ జరిగేది ఇంకొకటి. పొద్దుపోతోందని టూర్ మేనేజర్ గయలో తొందరపెడతాడు. మూడు చోట్ల పెట్టాల్సిన పిండాలు ఒక్క చోటే కానిచ్చేస్తారు. ఆ ఒక్క పని కోసమే వచ్చిన మనిషి సగం తృప్తితో బస్సెక్కుతాడు. అడిగితే ‘పిండప్రదానం అన్నాం, చేయించాం కదా’ అంటారు. కాగితం ప్రకారం వాళ్ళ మాటా తప్పు కాదు. మన జాగ్రత్త అంతా కాగితం మీదే పడాల్సింది ఇందుకే.

దీనికి మందు రాత్రుల సంఖ్య పెంచకుండానే ఉంది. మూడో రోజు పొద్దున కాశీలో దర్శనాలు చేసుకుని, మధ్యాహ్నం భోజనం కాగానే గయకు బయలుదేరాలి. ఆ రాత్రి గయలో పడుకోవాలి. నాలుగో రోజు తెల్లవారి ఏడింటికల్లా ఫల్గు దగ్గర కూర్చుంటే మధ్యాహ్నానికి మూడు చోట్లా నిదానంగా పూర్తవుతుంది. భోజనం, మంగళగౌరి, బుద్ధగయలో కొద్దిసేపు, రాత్రి పది పదకొండుకు కాశీ. కాశీలో ఒక రాత్రి తగ్గి గయలో ఒకటి వస్తుంది, అంతే. కాశీలో సగం రోజు పోతుంది కదా అని మరదలు అడిగింది. పోతుంది, నిజమే. దానికి బదులు ఆరో రాత్రి కాశీలోనే కాబట్టి ఏడో రోజు తెల్లవారుజామున, రైలు టైముకు ముందు, మళ్ళీ గంగ ఒడ్డుకు వెళ్ళొచ్చు. మా తమ్ముడు ఫోన్ చేసి ఈ మార్పు అడిగితే ఆపరేటర్ మొదట కుదరదన్నాడు. తర్వాత, ఆ బృందంలో ఇంకో ఏడెనిమిది కుటుంబాలు గయ కోసమే వస్తున్నాయని తేలాక సరేనన్నాడు. మనం అడగాలనుకున్నదే మిగతావాళ్ళూ అడగాలనుకుంటూ ఉంటారు.

కాశీలో మూడో రోజు గడిలో విశ్వనాథుడు, అన్నపూర్ణ, విశాలాక్షి, కాలభైరవుడు, దుర్గా మందిరం, సంకటమోచన్, బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలోని విశ్వనాథుడు, సారనాథ్ అని ఎనిమిది పేర్లున్నాయి. మొదటి నాలుగూ పాత ఊళ్ళోవే, నడకలో అయిపోతాయి. మిగతావి ఊరికి తలో మూలా. క్యూ ఎంత ఉంటుందో ముందుగా ఎవరూ చెప్పలేరు కాబట్టి నిక్కచ్చిగా రాసే ఆపరేటర్ ‘సమయాన్ని బట్టి’ అని రాస్తాడు. ఆ మాట ఉన్న గుళ్ళను లేనట్టే అనుకుని లెక్కేసుకోండి, దొరికితే సంతోషం. మన వాళ్ళు చాలామంది అష్టాదశ పీఠాల వరసలో కాశీ విశాలాక్షి, గయ మంగళగౌరి, ప్రయాగ మాధవేశ్వరి ముగ్గురినీ ఒకే యాత్రలో చూడాలని వెళతారు. ప్రయాగ గడిలో త్రివేణి సంగమం, పడుకున్న హనుమంతుడు ఉన్నారు. మాధవేశ్వరి, అంటే అక్కడివాళ్ళు అలోపీ దేవి అనే ఆలయం లేదు. పిన్ని చూసి పట్టుకుంది. రాయించాం.

ఇప్పుడు ‘ప్యాకేజీలో ఉన్నవి’ అన్న పెట్టె. స్లీపర్ రైలు టికెట్లు, నాన్ ఏసీ గదులు ట్రిపుల్ షేరింగ్, బస్సు, తెలుగు వంటవాళ్ళతో ఉదయం టిఫిన్, రెండు పూటలా భోజనం, టూర్ మేనేజర్. వెంట వంటవాళ్ళు రావడం మన తెలుగు యాత్రల్లో ఉన్న పెద్ద సుఖం. పెద్దవాళ్ళకు పప్పూ చారూ పెరుగన్నం దొరుకుతాయి. కానీ ఆ వంట కాశీలో గది దగ్గర మొదలై అక్కడే ముగుస్తుంది. రైల్లో రానూపోనూ తినేదంతా మన చేతి ఖర్చే.

ట్రిపుల్ షేరింగ్ అంటే మూడు మంచాలనే అనుకోకండి. చాలాచోట్ల రెండు మంచాలు, నేల మీద ఒక పరుపు. ఐదుగురికి ఒక డబుల్, ఒక ట్రిపుల్ కావాలని, పెద్దవాళ్ళ గది కింది అంతస్తులోగానీ లిఫ్ట్ ఉన్నచోటగానీ కావాలని, వెస్టర్న్ టాయిలెట్ ఉండాలని అడిగి రాయించాం. ‘మంచి హోటల్ లేదా అదే స్థాయి సత్రం’ అన్న మాటకు బదులు హోటల్ పేరు రాయమన్నాం. పేరు తెలిస్తే మ్యాప్‌లో అది గదౌలియా కూడలికి ఎంత దూరమో చూసుకోవచ్చు. ఆలయం దగ్గరి వీధుల్లోకి పెద్ద బస్సులు రావు. ఊరి అంచున ఆపేస్తారు. అక్కడి నుంచి ఆటో, ఈ-రిక్షా, ఆ పైన నడక. ‘బస్సు ప్యాకేజీలో ఉంది’ అన్నా, గుడి దాకా వెళ్ళే ఆటో ఖర్చు మాత్రం దాదాపు ఎప్పుడూ మనదే. గది ఎంత దూరమైతే అన్ని ఆటోలు.

పాప టికెట్ గురించి ఒక మాట. కరపత్రంలో పిల్లలకు 16,500. పదేళ్ళ పిల్లకు సగం ఎందుకు కాదని తమ్ముడి అనుమానం. 2016 నుంచి రైల్వేలో ఐదు నుంచి పదకొండేళ్ళ పిల్లలకు విడిగా బెర్తు కావాలంటే పూర్తి ఛార్జీ. బెర్తు లేకుండా అయితేనే సగం. ఒక రాత్రి పైన ప్రయాణంలో పదేళ్ళ పిల్లను బెర్తు లేకుండా తీసుకెళ్ళలేం. కాబట్టి ఆ ధర సబబే. అలాగే వృద్ధులకు రైలు రాయితీ 2020 మార్చి నుంచి లేదు. కింది బెర్తులకు ప్రాధాన్యం మాత్రం ఉంది కాబట్టి వయసులు సరిగ్గా ఇవ్వాలి.

ఈ పెట్టెలో ‘దర్శనం’ అన్న మాట గురించి కూడా చెప్పాలి. ప్యాకేజీ మనల్ని గుడి ఉన్న ఊరికి చేరుస్తుంది. లోపల క్యూలో ఎక్కడ నిలబడాలన్నది గుడి చేతిలో ఉంటుంది. కాశీలో సుగమ్ దర్శన్ కావాలంటే టికెట్ విడిగా కొనాలి, ఆలయ వెబ్‌సైటులో మనమే తీసుకోవచ్చు. అయోధ్యలో రామమందిర దర్శనానికి ట్రస్టు డబ్బు తీసుకోదు, పాసులకు కూడా. ‘అయోధ్య వీఐపీ దర్శనం తలకు ఇంత’ అని ఎవరైనా అడిగితే ఆ డబ్బు గుడికి పోదని తెలుసుకోండి.

‘ప్యాకేజీలో లేనివి’ అన్న పెట్టె అన్నిటికన్నా చిన్న అక్షరాల్లో ఉంది. రైల్లో భోజనం, పడవలు, ఆటోలు, ప్రవేశ రుసుములు, పూజలు, పిండప్రదానం ఖర్చు, డ్రైవర్ బత్తా, ‘పైన చెప్పని మరే ఇతర ఖర్చులైనా’. గయ గడిలో పిండప్రదానం ఉంది, ఇక్కడ దాని ఖర్చు లేదు. రెండూ నిజమే. చోటు చూపిస్తారు, దక్షిణ మనది. అక్కడ కూర్చున్నాక బేరం ఆడటం పెద్దవాళ్ళకు మనసొప్పదు. అందుకే ఎన్ని చోట్ల, సామగ్రితో కలిపి మొత్తం ఎంత అన్నది ముందే ఫోన్లో మాట్లాడుకోవాలి. సంగమంలో పడవకూ అంతే. ఒడ్డున ఒక మాట, నీళ్ళ మధ్యలో ఇంకో మాట వినిపించకుండా రానూపోనూ అని తేల్చుకుని ఎక్కాలి.

మా వాళ్ళు కూర్చుని వేసుకున్న లెక్క ఇది. నలుగురు పెద్దలకు 74,000, పాపకు 16,500, కలిపి 90,500. దాని మీద 5 శాతం జీఎస్‌టీ 4,525. కరపత్రంలో ‘జీఎస్‌టీ అదనం’ అని అడుగున ఉంది. మొత్తం 95,025. ఇక చేతి ఖర్చులు: రైల్లో తిండికి 4,500, ఆటోలకు 3,000, రెండు చోట్లా పడవలకు 4,000, గయ, ప్రయాగల్లో పురోహితులకు 8,000, దర్శనం టికెట్లు, బత్తాలు, చిల్లర మల్లర 2,500. ఇది 22,000. అంటే యాత్రకు పెట్టుకోవాల్సింది 1,17,025. తలకు 18,500 అనుకున్నది 23,400 దాటింది. కార్తీక పౌర్ణమికి కాశీలో దేవ్ దీపావళి. తేదీలు దాని మీద పడితే పడవల ధర ఈ లెక్కలకు అందదు.

ఇప్పుడు డబ్బు వాపసు సంగతి. దీనికి ఎక్కువసేపు పట్టింది, పట్టాలి కూడా.

కరపత్రం వెనక పేజీలో మూడే వాక్యాలు: ‘అడ్వాన్స్ తలకు 5,000 తిరిగి ఇవ్వబడదు. ప్రయాణానికి 15 నుంచి 29 రోజుల ముందు రద్దు చేసుకుంటే 50 శాతం కోత. 15 రోజుల లోపు రీఫండ్ లేదు.’

బాబాయికి ఒంట్లో బాగోలేదనుకుందాం. సరిగ్గా 18 రోజుల ముందు ఆయనా పిన్నీ మానుకున్నారు. ఎంత వెనక్కి వస్తుంది? ఈ మూడు వాక్యాలనే పట్టుకుని మూడు రకాలుగా చెప్పొచ్చు. ఒకటి, 18,500లో సగం కోత, అడ్వాన్స్ అందులోనే కలిసిపోయింది. అప్పుడు తలకు 9,250 వస్తుంది. రెండు, ముందు అడ్వాన్స్ 5,000 పోయింది, మిగిలిన 13,500లో సగం కోత. అప్పుడు 6,750. మూడు, అడ్వాన్సూ పోయింది, మొత్తం ధరలో సగమూ పోయింది. అప్పుడు 4,250. ఇద్దరికీ కలిపి మొదటి లెక్కలో 18,500, మూడో లెక్కలో 8,500. పది వేల తేడా ఒక్క వాక్యం అస్పష్టతలో ఉంది. ఆ రోజు వస్తే ఆఫీసు వాళ్ళు మూడోదే చదువుతారు. అందుకే డబ్బు కట్టక ముందు వాట్సాప్‌లో ఇలా అడగమన్నాను: ‘18 రోజుల ముందు ఇద్దరం రద్దు చేసుకుంటే మాకు తిరిగి వచ్చేది రూపాయల్లో ఎంత?’ శాతాల్లో అడిగితే శాతాల్లోనే జవాబు వస్తుంది, రూపాయల్లో అడిగితే అంకె వస్తుంది. అంకె వచ్చింది: 9,250 చొప్పున. ఆ మెసేజ్ దాచుకున్నాం. వాపసు వచ్చే మొత్తం మీద కట్టిన జీఎస్‌టీ కూడా వెనక్కి రావాలి, 9,250కి అది 462 రూపాయల 50 పైసలు. చిన్న మొత్తమే, కానీ చాలామంది దాన్ని మాట్లాడకుండా ఉంచేసుకుంటారు.

ఈ కోతలు న్యాయమేనా అని తమ్ముడు అడిగాడు. పోల్చి చూడటానికి ఐఆర్‌సీటీసీ రైలు యాత్రా ప్యాకేజీల్లో సాధారణంగా కనిపించే షరతు ఉంది. 15 రోజులు, ఆ పైన ఉంటే తలకు 250 రూపాయలు. 8 నుంచి 14 రోజులైతే 25 శాతం, 4 నుంచి 7 రోజులైతే 50 శాతం, నాలుగు రోజుల లోపైతే ఏమీ రాదు. అంటే బాబాయి 18 రోజుల ముందు మానుకుంటే అక్కడ పోయేది 250. చిన్న ఆపరేటర్ అంత ఇవ్వలేడు, నిజమే. గదులకు ముందే కట్టి ఉంటాడు, ఇద్దరు తగ్గినా బస్సు ఖర్చు తగ్గదు. కానీ 14 రోజుల ముందు రద్దు చేస్తే ఒక్క రూపాయి కూడా రాదనడం మాత్రం ఎక్కువ. అన్నిరోజుల ముందు రైలు టికెట్ రద్దు చేస్తే రైల్వే చాలా భాగం తిరిగి ఇస్తుంది, తినని భోజనం వండనే వండరు. మేం గట్టిగా అడిగితే 8 నుంచి 14 రోజులకు 75 శాతం కోత అని మార్చాడు. సున్నా కన్నా నయం.

‘రైలు టికెట్లు అయిపోయాయి, అందుకే వాపసు లేదు’ అన్న మాట ఒకటి తరచు వింటాం. దీన్ని పరీక్షించడానికి ఒక తేదీ గుర్తుపెట్టుకోండి. 2024 నవంబర్ 1 నుంచి మామూలు రైళ్ళకు రిజర్వేషన్ ప్రయాణానికి 60 రోజుల ముందే మొదలవుతుంది. మా వాళ్ళను అడ్వాన్స్ కట్టమన్నది ప్రయాణానికి తొంభై రోజుల ముందు. అప్పటికి టికెట్ అన్నదే ఉండదు, ఎవరూ తీయలేరు. ‘సీట్లు అయిపోతున్నాయి’ అంటే బృందంలో సీట్లు, రైల్లో సీట్లు కావు. కాబట్టి అరవయ్యో రోజు దాటాక పది అంకెల పీఎన్‌ఆర్ నంబర్ అడగండి, రానూపోనూ రెండూ. రైల్వే సైటులో కొట్టి చూస్తే కన్ఫర్మ్ అయిందో, వెయిటింగ్‌లో ఉందో తెలుస్తుంది. కన్ఫర్మ్ కాకపోతే తత్కాల్ తేడా ఎవరు కడతారు, అసలు టికెట్టే దొరకకపోతే పూర్తి డబ్బు ఇస్తారా అన్నవి కూడా ముందే రాయించాలి. కన్ఫర్మ్ అయిన టికెట్‌ను ప్రయాణానికి 24 గంటల ముందు దాకా సొంత కుటుంబంలో ఇంకొకరి పేరుకు మార్పించుకునే వీలు రైల్వేలో ఉంది. భార్యాభర్తలు, తల్లిదండ్రులు, పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళ మధ్య. బాబాయి వెళ్ళలేకపోతే ఆయన ఇంకో కొడుకు ఆ టికెట్ మీద వెళ్ళి పిండం పెట్టి రావచ్చు. ప్యాకేజీలో కూడా ఈ పేరు మార్పుకు ఒప్పుకోమని అడిగితే చాలామంది ఒప్పుకుంటారు, వాళ్ళకు నష్టం లేదు.

రద్దు మన వైపు నుంచే రావాలని లేదు. కరపత్రంలో ‘35 మంది కాకపోతే యాత్ర తేదీ మారును’ అని ఉంది. తేదీ మారితే మనకు కుదరకపోతే? అక్కడ రాసి లేదు. ఇలాంటప్పుడు ‘తర్వాతి యాత్రలో సర్దుతాం’ అంటారు. ఆపరేటర్ కారణంగా ఆగితే అడ్వాన్స్‌తో సహా పూర్తి డబ్బు, ఇన్ని రోజుల్లో అని రాయించుకోవాలి. వాన, వరద, పొగమంచు సంగతి వేరు. గంగ పొంగితే కాశీలో పడవలు ఆపేస్తారు. డిసెంబర్, జనవరిల్లో పొగమంచుకు ఆ వైపు రైళ్ళు గంటల తరబడి ఆలస్యమవుతాయి. వాటికి ఆపరేటర్‌ను అనలేం. కానీ ఆలస్యం వల్ల ఒక రాత్రి అదనంగా ఉండాల్సి వస్తే గది, భోజనం ఎవరి ఖర్చు అన్నది అడిగి పెట్టుకోవచ్చు.

డబ్బు కట్టేటప్పుడు మనిషి పేరున ఉన్న ఫోన్ నంబర్‌కు కాకుండా సంస్థ ఖాతాకే పంపండి. జీఎస్‌టీ నంబర్ ఉన్న రసీదు తీసుకోండి. మార్చిన రోజువారీ పట్టిక, గదుల వివరం, రీఫండ్ అంకెలు ఒకే మెసేజ్‌లో పెట్టి ‘వీటికి ఒప్పుకున్నాం’ అని వాళ్ళ చేత జవాబు ఇప్పించుకోండి. రద్దు చేయాల్సి వస్తే ఫోన్లో చెప్పి ఊరుకోవద్దు. రోజులు లెక్కపెట్టేది రాతపూర్వకంగా అందిన తేదీ నుంచి. శనివారం రాత్రి ఫోన్లో చెప్పి సోమవారం మెయిల్ పెడితే ఆ రెండు రోజుల్లో పదిహేనో రోజు గీత దాటిపోవచ్చు.

ఇంత చేసినా చెప్పినట్టు జరగకపోతే, ఇస్తామన్న డబ్బు ఇవ్వకపోతే మొదట 1915కు ఫోన్ చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ అది, తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడ తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం ఆపరేటర్ ఆఫీసు హైదరాబాద్‌లో ఉన్నా, మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు అయితే ఫీజు లేదు.